చెరువుల ఆట: సేవ్ ఫైళ్లు పాడైన విషయం, ఆలస్యమైన పాకాల అప్‌డేట్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

చెరువులు కట్టుకుంటూ ఒక ఊరిని నిర్మించుకునే నా కంప్యూటరు ఆట, చెరువుల ఆటలో, వెర్షన్ 1.3 వచ్చిన తర్వాత కొందరి సేవ్ ఫైళ్లు పాడయ్యాయి. వారిలో కొందరికి బ్యాకప్ కూడా మిగలలేదు. బతుకమ్మ పండుగకు ముందే ఇస్తానని చెప్పిన పాకాల అధ్యాయం ఈ కారణంగానే ఆగిపోయింది. నష్టపోయిన వారికీ, అప్‌డేట్ కోసం ఎదురుచూస్తున్న వారికీ క్షమాపణలు చెప్పుకుంటున్నాను. హనుమకొండలో ఈ ఆటను నేను ఒక్కదాన్నే తయారు చేస్తున్నందువల్ల అందరి ఉత్తరాలకూ విడివిడిగా జవాబు రాయడం వీలు కావడం లేదు. మీరు అడిగిన వాటిలో ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్నలకు జవాబులు కింద ఉన్నాయి. మీ ఊరు కనిపించకుండా పోయి ఉంటే మిగతావి తర్వాత చదవవచ్చు, ముందుగా మొదటి ప్రశ్న చదవండి.

ఆట తెరవగానే నా ఊరికి బదులు కొత్త ఊరు కనిపిస్తోంది. ఇప్పుడు ఏం చేయాలి?

ఆటను మెనూలోని "నిష్క్రమించు" బటన్‌తో మూయకండి. ఆ బటన్ నొక్కితే ఆట మరోసారి సేవ్ చేస్తుంది, అప్పటివరకు మిగిలి ఉన్న పాత ఫైలు కూడా దానితో పోతుంది. ఐదు నిమిషాలు గడిచినా ఆటో సేవ్ వల్ల అదే జరుగుతుంది కాబట్టి, ఈ పనులను ఇదే వరుసలో, వీలైనంత త్వరగా చేయండి.

ముందుగా వైఫై ఆపండి, లేదా నెట్ కేబుల్ తీయండి. తర్వాత కీబోర్డుపై Ctrl+Shift+Esc నొక్కి, టాస్క్ మేనేజర్‌లో ఆట పేరును ఎంచుకుని End task ఇవ్వండి. ఆ తర్వాత స్టీమ్ ప్రోగ్రామును కూడా పూర్తిగా మూయండి. విండో మూస్తే సరిపోదు, గడియారం పక్కన ఉండే స్టీమ్ గుర్తుపై కుడి క్లిక్ చేసి Exit ఇవ్వాలి. ఇప్పుడు విండోస్‌లో ఏదైనా ఫోల్డరు తెరిచి, దాని అడ్రస్ బారులో ఈ చిరునామా టైపు చేసి ఎంటర్ నొక్కండి.

```
%APPDATA%\CheruvulaAata
```

తెరుచుకున్న ఫోల్డరును మొత్తంగా కాపీ చేసి డెస్క్‌టాప్ మీద పెట్టండి. అందులోని ఫైళ్లు పాడయ్యాయో లేదో ఇప్పుడే తేల్చుకోనవసరం లేదు. పాడైనట్లు కనిపించే ఫైలును కూడా తీసివేయకండి, ఎందుకంటే ఏం జరిగిందో చెప్పే ఆధారం అందులోనే ఉంటుంది.

కాపీ అయిపోయాక నెట్ తిరిగి కలపవచ్చు, కానీ స్టీమ్‌ను మాత్రం ఇంకా తెరవకండి. బ్రౌజరులో store.steampowered.com/account/remotestorage చిరునామాకు వెళ్లి మీ ఖాతాతో లాగిన్ అయితే, క్లౌడ్‌లో మీ పేరున ఉన్న ఫైళ్లు ఆటల వారీగా కనిపిస్తాయి. మా ఆట వరుసలో, మీ ఊరిని దాచే save.dat ఫైలు పక్కన ఉన్న తేదీ మీ ఊరు బాగున్న రోజుల నాటిదైతే వెంటనే దాన్ని దించుకుని, డెస్క్‌టాప్ మీది ఫోల్డరులో వేరే పేరుతో పెట్టుకోండి. క్లౌడ్ చివరిగా అందుకున్న ఫైలునే అక్కడ చూపిస్తుంది. మీరు స్టీమ్‌ను తెరిచి, కంప్యూటరులోని పాడైన ఫైలును అది పైకి పంపిందంటే, మంచిది కిందికి దించుకునే అవకాశం పోతుంది. స్టీమ్‌ను అప్పుడే తెరవవద్దని చెప్పడానికి కారణం ఇదే.

ఇక స్టీమ్ తెరిచి ఆటను 1.3.2కు అప్‌డేట్ చేయండి. పాడైన ఫైలు ఎదురైతే ఈ వెర్షన్ కొత్త ఊరు మొదలుపెట్టదు. ఏ ఫైలు తెరవాలని మిమ్మల్నే అడుగుతుంది. అప్పుడు డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న ఫైళ్లను ఒక్కొక్కటిగా చూపించండి.

నా ఊరు బాగానే ఉంది. నేనూ ఏమైనా చేయాలా?

1.3.2కు అప్‌డేట్ చేయండి. అంతకుమించి అవసరం లేదు.

ఫైలు పాడైందో లేదో నేనే తెలుసుకోవడం ఎలా?

ఫైలు సైజును బట్టి నిర్ణయానికి రావద్దు. చాలామంది "నా ఫైలు 200 కేబీ పైనే ఉంది, అంటే ఊరు అందులోనే ఉన్నట్లే కదా" అని రాశారు. ఈ సమస్యలో సైజు సరిగ్గానే ఉండి, లోపల ఏమీ లేకపోవడమే ఎక్కువగా కనిపించింది. ఫోల్డరులో ఖాళీ చోట షిఫ్ట్ పట్టుకుని కుడి క్లిక్ చేస్తే పవర్‌షెల్ తెరిచే వీలు ఉంటుంది. లేదంటే స్టార్ట్ మెనూ నుంచి Windows PowerShell తెరిచి ఆ ఫోల్డరుకు వెళ్లవచ్చు. అక్కడ ఈ ఆదేశం ఇవ్వండి.

```powershell
Get-Content save.dat -Encoding Byte -TotalCount 16
```

ఫైలులోని మొదటి పదహారు బైట్లు అంకెల రూపంలో ఒకదాని కింద ఒకటి వస్తాయి. మంచి ఫైలు ఎప్పుడూ 67, 72, 82, 86 అనే నాలుగు అంకెలతో మొదలవుతుంది. అవి CHRV అనే నాలుగు అక్షరాల కోడ్‌లు, ఫైలు మాదేనని గుర్తించడానికి ఆట వాటిని ముందు రాస్తుంది. పదహారూ సున్నాలే వస్తే ఆ ఫైలులో మీ ఊరు లేదు. ఏమీ రాకపోతే ఫైలు సైజే సున్నా అన్నమాట. నాలుగు అంకెలు సరిగ్గా ఉండి కూడా ఆట తెరవలేకపోతే, ఫైలు మొదలు బాగుండి చివర తెగిపోయి ఉండవచ్చు. ఇలాంటి ఫైళ్లను నాకు పంపండి, వాటిలో నుంచి ఊరిని చాలావరకు బయటికి తీయగలుగుతున్నాను. అన్నీ సున్నాలున్న ఫైలు నుంచి మాత్రం ఎవరూ ఏదీ తీయలేరు, ఎందుకంటే ఆ సమాచారం డిస్కు మీదికి చేరనే లేదు.

బ్యాకప్‌గా ఉండే save.bak ఫైలుకు కూడా ఇదే పరీక్ష చేయండి. ఆదేశంలో పేరు మారిస్తే చాలు.

సైజు సరిగ్గా ఉండి లోపల సున్నాలే ఉండటం ఎలా సాధ్యం?

సేవ్ చేయమని ఆట చెప్పినప్పుడు విండోస్ ఆ సమాచారాన్ని వెంటనే డిస్కు మీద రాయదు. ముందుగా మెమరీలో ఉంచుకుని, కొన్ని క్షణాల తర్వాత తన వీలును బట్టి రాస్తుంది. ఆటకు మాత్రం "రాశాను" అనే జవాబు ముందే వచ్చేస్తుంది. సరిగ్గా ఆ మధ్యకాలంలో కరెంటు పోతే మెమరీలో ఉన్నదంతా పోతుంది.

విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫైలు పేరు, సైజు, తేదీ వంటి వివరాలకు ప్రత్యేకంగా ఒక చిట్టా ఉంటుంది. కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు ఆ చిట్టా చూసి విండోస్ తన వ్యవహారాన్ని సరిచేసుకుంటుంది. అయితే ఆ రక్షణ ఫైలు వివరాలకే గానీ, లోపలి సమాచారానికి కాదు. ఇంటి నంబరు ఇచ్చి, రిజిస్టరులో విస్తీర్ణం రాసి, గోడలు మాత్రం కట్టకుండా వదిలేసినట్లు, సైజు నమోదవుతుంది, లోపల రాయాల్సింది రాయబడదు. అలా రాయని భాగాన్ని చదవబోతే విండోస్ సున్నాలు చూపిస్తుంది.

ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ పనిచేస్తున్నవారికి ఈ సమస్య దాదాపు రాలేదు. ఇన్వర్టరు ఉన్న ఇళ్లలో డెస్క్‌టాప్ మీద ఆడేవారికి మాత్రం వచ్చింది. "మా ఇంట్లో ఇన్వర్టరు ఉంది, లైట్లు కూడా ఆరలేదు" అని రాసినవారు నిజమే చెబుతున్నారు. కరెంటు నుంచి బ్యాటరీకి మారడానికి ఇన్వర్టరుకు క్షణంలో చిన్న భాగం పడుతుంది. ఫ్యానుకు, లైటుకు అది తెలియకపోవచ్చు గానీ, కంప్యూటరు ఆ కాస్త ఖాళీకే రీస్టార్ట్ అయిపోవచ్చు. చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది, దాన్ని ఆ వైపు పెడితే మారే సమయం తగ్గుతుంది. ఆట కోసమని కాదు గానీ, డెస్క్‌టాప్ ఉన్న ఇంట్లో ఆ స్విచ్ ఎటు ఉందో ఒకసారి చూసుకోవడం మంచిదే.

కరెంటు ఎప్పుడూ పోతూనే ఉంటుంది. 1.2లో రాని సమస్య 1.3లో ఎందుకు వచ్చింది?

1.2లో ఆట వానాకాలం, యాసంగి ముగిసినప్పుడు మాత్రమే సేవ్ చేసేది. కట్ట తెగి ఊరు మునిగినప్పుడు సీజన్ మొదటి నుంచి ఆడాల్సి వస్తోందని చాలామంది అడిగినందువల్ల, 1.3లో ప్రతి ఐదు నిమిషాలకోసారి ఆటో సేవ్ పెట్టాను. సేవ్ చేసే పద్ధతిలోని లోపం 1.2లో కూడా ఉంది. సేవ్‌లు అరుదుగా జరిగినంత కాలం, కరెంటు పోయే క్షణమూ సేవ్ అయ్యే క్షణమూ ఒకటయ్యే సందర్భాలు తక్కువ. ఐదు నిమిషాలకోసారి మొదలయ్యాక అవి పెరిగాయి.

ఒక ఫైలు పాడైతే బ్యాకప్ ఉండాలి కదా? అది కూడా ఎలా పోయింది?

అసలు ప్రశ్న ఇదే, నష్టానికి అసలు కారణం కూడా ఇక్కడే ఉంది. కరెంటు పోవడం వల్ల ఒక ఫైలు పాడైతే అది అసౌకర్యం మాత్రమే, చివరి ఐదు నిమిషాల ఆట పోతుంది. ఊరు మొత్తం పోవడానికి కారణం ఆ తర్వాత ఆట చేసిన పని.

జమ్మికుంట నుంచి ఒక ఆటగాడు తన ఫోల్డరు పంపారు. ఆయన అనుమతితో ఆ వివరాలు ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే జరిగిందంతా ఆ రెండు ఫైళ్ల సమయాల్లోనే కనిపిస్తుంది. ఆయన పంపిన ఫోల్డరులో save.bak సైజు 212 కేబీ, దాని చివరి మార్పు సమయం సాయంత్రం 7:10, లోపల అన్నీ సున్నాలు. save.dat సైజు 31 కేబీ, సమయం 7:55, లోపల ఒక్క చెరువు కూడా లేని కొత్త ఊరు.

ఆ సాయంత్రం ఈదురుగాలితో వాన పడుతోంది. ఆయన ఊరిలో అప్పటికి పదకొండు చెరువులున్నాయి. పై చెరువు మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువులోకి చేరేలా గొలుసుకట్టుగా కట్టుకున్నారు. 7:10కి ఆటో సేవ్ జరిగింది. ప్రతి సేవ్‌లోనూ ఆట రెండు పనులు చేసేది. మొదట ఉన్న save.dat ను save.bak పేరుతో కాపీ చేసేది, తర్వాత save.dat ను తెరిచి, పాతది తుడిచేసి, దాని మీదే కొత్తది రాసేది. అంటే ఆ క్షణంలో save.bak లో 7:05 నాటి ఊరు ఉంది, save.dat లో 7:10 నాటి ఊరు రాయబడుతోంది. కొన్ని క్షణాలకే కరెంటు పోయింది. save.dat సున్నాలతో మిగిలింది. save.bak మాత్రం ఆయన విషయంలో ఇంకా బాగానే ఉందని నా అంచనా.

కరెంటు వచ్చాక 7:50కి ఆయన ఆట తెరిచారు. ఆట save.dat ను చదవబోయింది, మొదటి నాలుగు అక్షరాలు సరిపోలేదు. ఇక్కడ ఆట ఆగిపోయి "ఫైలు పాడైంది" అని చెప్పి ఉంటే సరిపోయేది. కానీ నేను రాసిన కోడ్‌లో ఫైలు చదవలేకపోవడానికీ, అసలు ఫైలే లేకపోవడానికీ ఒకే దారి ఉంది. రెండు సందర్భాల్లోనూ ఆటగాడు కొత్తవాడని భావించి, ఏ హెచ్చరికా లేకుండా కొత్త ఊరు మొదలుపెట్టేది. ఐదు నిమిషాలకు, 7:55కి ఆటో సేవ్ తన మామూలు పని చేసింది. సున్నాలున్న save.dat ను save.bak మీదికి కాపీ చేసింది, ఖాళీ ఊరిని save.dat లో రాసింది. విండోస్‌లో ఫైలును కాపీ చేసినప్పుడు చివరి మార్పు సమయం పాత ఫైలుదే ఉంటుంది కాబట్టి, save.bak పక్కన 7:10 అని కనిపించింది. బ్యాకప్ పోయింది కరెంటు పోయినప్పుడు కాదని, కరెంటు వచ్చిన తర్వాతేనని ఆ ఒక్క సమయం చెప్పింది.

ఏదో తేడాగా ఉందని గ్రహించి ఆయన టాస్క్ మేనేజర్‌తో ఆట ఆపారు. అయితే ఆట ఏ విధంగా ముగిసినా స్టీమ్ తన క్లౌడ్ పని మొదలుపెడుతుంది, కాబట్టి 31 కేబీ ఖాళీ ఊరు పైకి వెళ్లి, క్లౌడ్‌లో ఉన్న మంచి ఊరి స్థానంలో కూర్చుంది. ఆయన అదృష్టం ఏమిటంటే వినాయక చవితికి తమ్ముడి ల్యాప్‌టాప్‌లో ఇదే ఖాతాతో ఆడి ఉన్నారు, ఆ ల్యాప్‌టాప్‌ను ఆ తర్వాత తెరవలేదు. దాన్ని నెట్‌కు కలపకుండానే ఆన్ చేసి, ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నారు. ఒక యాసంగి పంట, రెండు చెరువులు తప్ప మిగతా ఊరు తిరిగి వచ్చింది.

మీరు కూడా ఈ ఆటను ఇంకో కంప్యూటరులో ఎప్పుడైనా ఆడి ఉంటే, దాన్ని నెట్‌కు కలపకముందే ఈ పని చేయండి.

నేను కొత్త ఊరు కనిపించిన వెంటనే మూసేశాను. అయినా రెండు ఫైళ్లలోనూ సున్నాలే ఉన్నాయి. ఎందుకు?

రెండు మార్గాలున్నాయి. మెనూలోని బటన్‌తో మూసి ఉంటే, మూసేటప్పుడు జరిగే సేవ్ వల్ల save.bak పోయి ఉంటుంది, అప్పుడు save.dat లో సున్నాలకు బదులు కొత్త ఊరు ఉంటుంది. రెండింటిలోనూ సున్నాలే ఉంటే సంగతి వేరు. పైన చెప్పినట్లు save.bak కాపీ కూడా అదే క్షణంలో, save.dat కంటే కొంచెం ముందు జరుగుతుంది. ఆ కాపీ కూడా డిస్కు మీదికి చేరకముందే కరెంటు పోతే రెండూ ఒకేసారి పోతాయి. పేరుకు రెండు ఫైళ్లున్నా, రెండింటినీ ఆట ఒకే క్షణంలో రాసేది కాబట్టి అది నిజమైన బ్యాకప్ కాదు. మీ విషయంలో క్లౌడ్ ఫైలు మాత్రమే ఆశ.

1.3.2లో ఏం మారింది?

మూడు విషయాలు మారాయి. మొదటిది, ఆట ఇక ఉన్న ఫైలు మీద రాయదు. కొత్త ఊరిని save.tmp అనే వేరే ఫైలులో రాసి, అది డిస్కు మీదికి చేరేవరకు ఆగి, తిరిగి చదివి, ఫైలులోని సమాచారాన్ని బట్టి లెక్కగట్టే చెక్‌సమ్ అనే సంఖ్య సరిపోయిందని చూసుకున్న తర్వాతే పేరు మారుస్తుంది. ఆ మధ్యలో ఎప్పుడు కరెంటు పోయినా పాత save.dat చెక్కుచెదరకుండా ఉంటుంది. రెండోది, బ్యాకప్‌లు ఐదు ఉంటాయి, అవి ఒకే సమయానివి కావు. చివరి సేవ్, అంతకుముందుది, ఈరోజు ఆట తెరిచినప్పటిది, గత రెండు సీజన్ల చివరివి. పరీక్షలో నిలిచిన ఫైలునే బ్యాకప్‌గా ఉంచుతుంది, పాడైన దాన్ని మంచి దాని మీదికి ఎప్పటికీ కాపీ చేయదు. మూడోది, ఫైలు చదవలేకపోతే ఆట ఆగి మిమ్మల్ని అడుగుతుంది. ఈ మూడింటిలో ఒక్కటే చేయగలిగే పరిస్థితి ఉంటే నేను మూడోదే ఎంచుకునేదాన్ని.

ఆటలు తయారు చేసే కొందరు కోడ్ చూపమని అడిగారు. ముఖ్యమైన భాగం ఇంతే.

```csharp
using (var fs = new FileStream(tmp, FileMode.Create))
{
    fs.Write(data, 0, data.Length);
    fs.Flush(true);
}
Verify(tmp);
File.Replace(tmp, save, backup);
```

ఇందులో Flush కు true ఇవ్వకపోతే సమాచారం విండోస్ మెమరీ వరకే వెళ్తుంది, డిస్కుకు చేరేవరకు ఆగదు. మా సమస్య అంతా ఆ తేడాలోనే ఉంది. File.Replace పనిచేయాలంటే పాత ఫైలు ముందే ఉండాలి కాబట్టి, మొట్టమొదటి సేవ్‌కు File.Move వాడాలి. Verify నేను రాసుకున్న చిన్న ఫంక్షను, చెక్‌సమ్ తప్పితే అక్కడే ఆపేస్తుంది.

ఇక ఎప్పటికీ ఈ సమస్య రాదని హామీ ఇవ్వగలరా?

అలా చెప్పలేను. కొన్ని డిస్కులు తమ సొంత మెమరీలో ఉంచుకుని కూడా "రాసేశాను" అని జవాబిస్తాయి, అక్కడ ఆట చేయగలిగింది ఏమీ లేదు. చెక్‌సమ్ ఫైలు పాడవకుండా ఆపదు, పాడైందని గుర్తిస్తుంది. అలాంటప్పుడు మీరు కోల్పోయేది కొన్ని నిమిషాల ఆటే తప్ప ఊరు మొత్తం కాకుండా చూడటం నా చేతిలో ఉన్న పని. బ్యాకప్‌లు వేర్వేరు సమయాల్లో ఉండటం అందుకే.

సమస్య 1.3.2తో తీరిపోతే పాకాల అధ్యాయం ఇంకా ఎందుకు ఆలస్యం?

పాకాల అధ్యాయంలో ఒకే చెరువుకు అనేక తూములు, వాటి కింద వేర్వేరు కాలువలు, ఒక్కో కాలువ కింద వేరే ఆయకట్టు ఉంటాయి. ఇప్పటి సేవ్ ఫైలులో ఒక చెరువుకు ఒక తూము రాయడానికే చోటుంది. అందువల్ల కొత్త అప్‌డేట్ మీ పాత ఫైలును తెరిచి, కొత్త పద్ధతిలోకి మార్చి, తిరిగి రాయాలి. ఇది ఒకవైపు ప్రయాణం. మార్చిన ఫైలును 1.3తో మళ్లీ చదవడం కుదరదు.

అప్పటికే సగం పాడైన ఫైలును ఇలా మార్చితే ఏమవుతుందో ఆలోచించండి. పదకొండు చెరువులున్న ఊరి ఫైలు చివర తెగిపోయి, అందులో తొమ్మిదే మిగిలి ఉంటే, మార్పిడి వాటినే పూర్తి ఊరుగా భావించి, కొత్త చెక్‌సమ్ వేసి, చక్కగా రాసిపెడుతుంది. ఆ తర్వాత అది ఎవరి కంటికైనా మంచి ఫైలే. మిగతా రెండు చెరువులు ఎప్పుడు, ఎలా పోయాయో కనిపెట్టే మార్గం ఉండదు. అందువల్ల ముందు అందరూ 1.3.2కు రావాలి, వారి ఫైళ్లలో పాడైనవి పాడైనట్లు తేలాలి, ఆ తర్వాతే మార్పిడి జరగాలి. పండుగకు ఇవ్వాలనే పట్టుదలతో రెండూ కలిపి విడుదల చేసి ఉంటే ఇప్పుడు తిరిగి తెచ్చుకుంటున్న ఊళ్లు కూడా చేజారేవి.

మార్పిడికి ముందు పాత ఫోల్డరును before_pakhal పేరుతో విడిగా ఉంచేలా ఏర్పాటు చేశాను. దాన్ని ఆట తర్వాత ఎప్పుడూ ముట్టుకోదు.

విడుదలకు ముందు పరీక్షించలేదా?

పరీక్షించాను, కానీ ఆ పరీక్ష ఈ లోపాన్ని పట్టుకోలేనిది. సేవ్ జరుగుతుండగా టాస్క్ మేనేజర్‌తో ఆటను ఆపి చూసేదాన్ని. ఆట ఆగినా విండోస్ నడుస్తూనే ఉంటుంది కాబట్టి, మెమరీలో ఉన్నదాన్ని అది తర్వాత తీరికగా డిస్కు మీద రాసేస్తుంది, ఫైలు బాగానే కనిపిస్తుంది. కరెంటు పోయినప్పుడు విండోస్ కూడా పోతుంది. ఆ రెండూ ఒకటి కావు.

ఇప్పుడు వర్చువల్ మెషీన్‌లో విండోస్ పెట్టి, ఆటను నడిపి, సేవ్ మధ్యలో ఆ మెషీన్‌నే ఒక్కసారిగా ఆపివేస్తున్నాను. ఇది కరెంటు తీసేసినట్లే పనిచేస్తుంది. ఒక స్క్రిప్టు సేవ్ మొదలైన తర్వాత వేర్వేరు క్షణాల్లో ఆపి, తిరిగి తెరిచి, ఊరిలో చెరువుల సంఖ్య సరిపోయిందో లేదో చూస్తుంది. 1.3ను ఇలా పరీక్షిస్తే సున్నాల ఫైలు త్వరగానే దొరికింది, జమ్మికుంట ఫోల్డరులో చూసిన దానిలాగే. 1.3.2లో ఇప్పటివరకు దొరకలేదు. పాకాల మార్పిడికి కూడా ఇదే పరీక్ష జరుగుతోంది, అందులో ఒక సందర్భం ఇంకా తేలలేదు: మార్పిడి పూర్తయి, క్లౌడ్‌కు పంపేలోపు కరెంటు పోతే, రెండో కంప్యూటరులో పాత ఫైలు, మొదటి దానిలో కొత్త ఫైలు ఉంటాయి. ఏది ముందుదో తేల్చడానికి గడియారం సమయాన్ని నమ్మకూడదు, ఎందుకంటే ఇప్పుడే పుట్టిన ఖాళీ ఊరికే కొత్త సమయం ఉంటుంది. ఊరిలో గడిచిన సీజన్ల సంఖ్యను పోల్చి, తేడా ఉంటే ఆటగాడినే అడిగేలా మారుస్తున్నాను.

అప్‌డేట్ ఎప్పుడు వస్తుంది?

నవంబరు మూడో వారంలో ఇవ్వాలని అనుకుంటున్నాను. పైన చెప్పిన క్లౌడ్ సందర్భం అప్పటికి తేలకపోతే మళ్లీ వాయిదా వేస్తాను, ఆ సంగతి వారం ముందే తెలియజేస్తాను. ముందుగా తెలుసుకోవాలనుకునేవారు స్టీమ్‌లో ఆట ప్రాపర్టీస్‌లోని Betas నుంచి పరీక్షా వెర్షన్ ఎంచుకోవచ్చు, కానీ మీ అసలు ఊరితో ఆ పని చేయవద్దు.

నా ఊరు తిరిగి రాదని తేలిపోయింది. నాకు ఏం చేస్తారు?

పోయిన ఊరిని నేను తిరిగి ఇవ్వలేను. 1.3.2లో "ఊరు పునర్నిర్మాణం" అనే వీలు ఉంది. చేరిన సీజను, చెరువుల సంఖ్య, గాదెలోని ధాన్యం మీరు గుర్తున్నంతవరకు చెబితే, ఆ స్థాయిలో ఊరు మొదలవుతుంది. కట్టలు ఎక్కడ వేశారో, ఏ చెరువు మత్తడి ఎటు మళ్లించారో మాత్రం మీరే మళ్లీ గీసుకోవాలి. మీరు చెప్పిన సంఖ్యలను ఆట ప్రశ్నించదు. ఎక్కువ చెప్పుకున్నా నాకు అభ్యంతరం లేదు. మీరు సాధించిన పతకాలు సేవ్ ఫైలులో ఉండవు కాబట్టి అవి అలాగే ఉంటాయి.

డబ్బు వాపసు ఇస్తారా?

చెల్లింపులు స్టీమ్ చేతిలో ఉంటాయి, వాపసు నిర్ణయం కూడా వారిదే. కొన్న 14 రోజుల లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే మామూలుగా వాపసు ఇస్తారు. ఊరు పోయినవారిలో చాలామంది అంతకంటే ఎక్కువే ఆడి ఉంటారు. అయినా కారణం రాసి దరఖాస్తు పెట్టవచ్చు, దానికి నా వైపు నుంచి అభ్యంతరం ఉండదు.

ఫైలు పంపితే అందులో నా వివరాలు ఏమైనా ఉంటాయా?

సేవ్ ఫైలులో మీరు ఊరికి, చెరువులకు పెట్టిన పేర్లు తప్ప మీ గురించి ఏమీ ఉండదు. అదే ఫోల్డరులో ఉండే log.txt లో మాత్రం ఫోల్డరు చిరునామా పూర్తిగా రాసి ఉంటుంది, అందులో విండోస్‌లో మీరు పెట్టుకున్న యూజర్ పేరు కనిపిస్తుంది. అది పంపడం ఇష్టం లేకపోతే ఆ ఫైలు తీసేసి, మిగతావి జిప్ చేసి పంపండి. జిప్ చేయకుండా విడివిడిగా పంపితే దారిలో ఫైళ్ల సమయాలు మారిపోవచ్చు. నాకు కావలసింది ఫైళ్లతో పాటు ఆ సమయాలు కూడా.

1.2 నాటి పాత ఫైలు పెన్‌డ్రైవ్‌లో దొరికింది. అది ఇప్పుడు తెరుచుకుంటుందా?

తెరుచుకుంటుంది. 1.2, 1.3 ఫైళ్ల పద్ధతి ఒక్కటే. దాన్ని నేరుగా ఆట ఫోల్డరులో పెట్టకుండా, 1.3.2 అడిగినప్పుడు పెన్‌డ్రైవ్ నుంచే చూపించండి, పెన్‌డ్రైవ్‌లోని కాపీని అలాగే ఉంచుకోండి.